నగలు కుదవ పెట్టేముందు: ప్రొద్దుటూరు అప్రైజర్‌ను జనం అడిగే ప్రశ్నలు

ప్రొద్దుటూరులో మా నాన్నది కంసాలి పని. నేను పదహారేళ్ళు ఒక బ్యాంకు శాఖలో అప్రైజర్‌గా కూర్చుని నగలు గీసి, తూచి, విలువ రాసిచ్చాను. ఇప్పుడు ఆ పని మానేశాను. అయినా టీ కొట్టు దగ్గర కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు వచ్చి "అన్నా, నా గొలుసుకు ఎంతొస్తుంది?" అని మొదలుపెడతారు. అట్లా పదే పదే వచ్చే ప్రశ్నలకు నా జవాబులు ఇవి.

లెక్కలన్నీ ఒకే ఉదాహరణ మీద చెబుతాను. మైదుకూరు దగ్గర పల్లెలో ఒక అక్క ఉందనుకోండి. కూతురి కాలేజీ ఫీజుకు డబ్బు కావాలి, పంట అమ్మినాక తీర్చాలని ఆమె ఆలోచన. ఆమె దగ్గర ఒక రాళ్ళ నెక్లెస్, అత్తగారిచ్చిన పాత గాజుల జత ఉన్నాయి. రెండూ కలిపి 56 గ్రాములు, అంటే ఐదున్నర తులాలకు కొంచెం పైన. 22 క్యారెట్ల బంగారం గ్రాము 10,000 రూపాయలు అనుకుందాం. ఇది నేటి రేటు కాదు, లెక్క తేలికగా ఉండడానికి పెట్టుకున్న అంకె.

ఐదున్నర తులాలు పెడితే ఐదున్నర తులాలకు విలువ ఎందుకు కట్టరు?

ఎందుకంటే తక్కెడలో తూగేదంతా బంగారం కాదు. ఆ అక్క నెక్లెస్ 32 గ్రాములు తూగింది. అందులో రాళ్ళున్నాయి, రాళ్ళ కింద లక్క ఉంది, వెనక దారం ఉంది. వీటన్నిటికీ ఐదున్నర గ్రాములు తీసేస్తే నికరంగా మిగిలేది 26.5 గ్రాములు. రాళ్ళు ఎంత ఖరీదైనవైనా అప్పు లెక్కలో వాటికి పైసా రాదు. నగ చేయించినప్పుడు ఇచ్చిన మజూరీ, తరుగు కూడా రావు. షాపువాడు రాళ్ళను బంగారంతోపాటే తూచి అమ్మినా సరే, కుదవ పెట్టేచోట చూసేది బంగారాన్ని ఒక్కదాన్నే.

రెండో కోత నాణ్యతలో పడుతుంది. గాజులు 24 గ్రాములు, రాళ్ళు లేవు, లక్క లేదు. కానీ నలభై ఏళ్ళ కిందటివి, గీసి చూస్తే 20 క్యారెట్లే తేలాయి. అప్పట్లో ఊరి కంసాలి అతుకులకు వాడే పొడిలో రాగి, వెండి పాలు ఎక్కువ. అందుకే పాత నగల్లో ఇది మామూలే, ఎవరో మోసం చేశారనుకోనక్కర్లేదు. 24ను 20తో గుణించి 22తో భాగిస్తే 21.8. అంటే ఆ గాజులు 22 క్యారెట్ల లెక్కలో 21.8 గ్రాములతో సమానం.

రెండూ కలిపితే 48.3 గ్రాములు. ఇంటి నుంచి 56 గ్రాములు అనుకుంటూ వచ్చిన మనిషికి కౌంటర్ దగ్గర 48 అని చెబితే ముఖం మాడిపోవడం నేను వందలసార్లు చూశాను. ఈ తరుగుదల మీ ఎదుటే చూపించాలి. రాళ్ళకు ఎంత తీశారు, ఎన్ని క్యారెట్లు రాశారు అని అడిగి చెప్పించుకోండి. రిజర్వ్ బ్యాంకు 2025 జూన్‌లో తెచ్చిన కొత్త నిబంధనల ప్రకారం నాణ్యత పరీక్ష మీ సమక్షంలోనే జరగాలి. మొత్తం బరువు, నికర బరువు, క్యారెట్లు, తీసేసిన బరువు, నగకు ముందే ఉన్న సొట్టలు, విరుగుళ్ళు, నగ ఫొటో, కట్టిన విలువ, ఇవన్నీ ఉన్న పత్రం ఒక ప్రతి మీకూ ఇవ్వాలి. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు అన్నీ 2026 ఏప్రిల్ 1 నుంచి వీటిని పాటించాల్సిందే. అంతకుముందు తీసుకున్న అప్పులకు పాత నిబంధనలే నడుస్తాయి.

గీటురాయి మీద గీస్తే నా బంగారం అరిగిపోదా?

అరుగుతుంది, కానీ తక్కెడలో కనపడనంత. నల్లరాయి మీద ఒక గీత గీసి, పక్కన నాణ్యత తెలిసిన పుల్లతో ఇంకో గీత గీసి, రెంటి మీదా యాసిడ్ చుక్క వేసి ఏది ఎంత వెలిసిపోయిందో చూస్తాం. ఇప్పుడు చాలాచోట్ల క్యారెట్ మీటర్ పెట్టారు, దానికి గీకే పని లేదు. అయితే అది పైపొరను మాత్రమే చదువుతుంది. లోపల వెండి పెట్టి పైన మందంగా బంగారు పూత వేసిన గాజు దాన్ని బోల్తా కొట్టించగలదు. అందుకే అనుమానం వస్తే అప్రైజర్ ఒక మూల ఆకురాయితో కొంచెం రాస్తానంటాడు. మీకు ఇష్టం లేకపోతే వద్దని చెప్పి నగ వెనక్కి తీసుకోవచ్చు.

నా గొలుసు మీద కేడీఎం అని ఉంది. అది 916తో సమానమేనా?

కాదు. కేడీఎం అనేది అతుకు వేసే పద్ధతికి వచ్చిన పేరు, నాణ్యతకు హామీ కాదు. కేడీఎం ముద్ర ఉండి 22 తేలినవీ చూశాను, 19 తేలినవీ చూశాను. నమ్మదగింది బీఐఎస్ హాల్‌మార్క్. త్రికోణం గుర్తు, 22K916 అన్న అంకె, పక్కన అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు స్థానాల కోడ్ ఉంటాయి. 2023 ఏప్రిల్ నుంచి హాల్‌మార్క్ నగల అమ్మకానికి ఈ కోడ్ తప్పనిసరి. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నగ వివరం వస్తుంది. నగ పెట్టడానికి వెళ్ళేముందే ఇంట్లో చూసుకోండి. హాల్‌మార్క్ లేదని అప్పు ఇవ్వకుండా ఉండరు, కానీ అప్పుడు అప్రైజర్ గీతే ప్రమాణం.

టీవీలో చెప్పే రేటు ఒకటి, వాళ్ళు వేసే రేటు ఇంకొకటి. ఎందుకు?

వాళ్ళు రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటారు. ఒకటి గడిచిన 30 రోజుల ముగింపు ధరల సగటు, రెండోది నిన్నటి ముగింపు ధర. ఈ రెంటిలో ఏది తక్కువైతే దానితో విలువ కడతారు. కాబట్టి బంగారం రోజురోజుకూ ఎగబాకుతున్న నెలలో వాళ్ళ రేటు టీవీ రేటుకంటే బాగా వెనకబడి ఉంటుంది. ధర పడిపోతున్నప్పుడు మాత్రం నిన్నటి ధరే వేస్తారు. రెండు విధాలా జాగ్రత్త వాళ్ళదే. అది అన్యాయం అనుకోవద్దు, దీనివల్ల మీ తలమీద అప్పు కూడా కాస్త తగ్గుతుంది.

మన లెక్కలో గ్రాము 10,000 కాబట్టి అక్క నగల విలువ 4,83,000.

మరి చేతికి ఎంతొస్తుంది?

ఇంటి అవసరాలకు తీసుకునే అప్పుకు పరిమితులున్నాయి. అప్పు రెండున్నర లక్షల లోపైతే విలువలో 85 శాతం దాకా, రెండున్నర దాటి ఐదు లక్షల దాకా 80 శాతం, ఐదు లక్షలు దాటితే 75 శాతం. ఇవి గరిష్ఠాలు, ఇంత ఇవ్వాలని ఎవరికీ నిర్బంధం లేదు. రెండున్నర లక్షలు దాటితే మీ రాబడి ఎంత, తీర్చగలరా అని కూడా అడుగుతారు.

అక్కకు 80 శాతం అంటే 3,86,400. ఆమె ఇదంతా చేతికొస్తుందని అనుకుంది. ఇక్కడే చాలామంది తికమకపడతారు. నెలనెలా వడ్డీ కట్టకుండా ఏడాది చివర అసలూ వడ్డీ ఒకేసారి కట్టే పద్ధతి ఎంచుకుంటే, ఆ 80 శాతం లోపలే వడ్డీ కూడా ఇమడాలి. ఏడాదికి 12 శాతం వడ్డీ అనుకుంటే చేతికొచ్చేది 3,45,000. దానికి ఏడాది వడ్డీ 41,400. రెండూ కలిపితే సరిగ్గా 3,86,400.

ఫైనాన్స్ కంపెనీలో 20,000 దాటిన అప్పును నగదుగా ఇవ్వరు, ఖాతాలో వేస్తారు. ఎవరైనా అంతా నగదే ఇస్తామంటే సంతోషపడకండి, ఎందుకో అడగండి.

ఇంకో మాట. "ఆ కంపెనీవాళ్ళు గ్రాముకు ఐదువందలు ఎక్కువ ఇస్తారంట" అని ఊరంతా తిరిగేవాళ్ళున్నారు. గ్రాముకు ఎక్కువ ఇచ్చారంటే నగ వేలానికి అంత దగ్గరగా ఉందన్నమాట. నేనైతే అవసరం రెండు లక్షలైతే రెండు లక్షలే తీసుకుని, మిగతా నగ ఇంట్లోనే ఉంచమంటాను.

రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతమే కదా, ఇందులో మోసం ఏముంది?

మోసం అనను, షరతు అంటాను. నూటికి నెలకు రూపాయి అంటే ఏడాదికి 12 శాతం, నిజమే. కానీ కొన్ని ఫైనాన్స్ పథకాల్లో ఆ రూపాయి వడ్డీ, నెలనెలా తప్పకుండా కట్టేవాళ్ళకిచ్చే రాయితీ. కాగితం మీద అసలు రేటు వేరే ఉంటుంది. మూడు నెలలు కట్టకపోతే రాయితీ పోయి, పెద్ద రేటు మొదటి రోజు నుంచే వర్తిస్తుంది.

అక్క తీసుకున్న 3,45,000 ఇట్లాంటి పథకంలో ఉందనుకోండి. రాయితీ ఉంటే 12 శాతం, పోతే 21 శాతం అనుకుందాం. ఆరు నెలలకు 12 శాతం చొప్పున 20,700 కట్టాలి. అదే 21 శాతమైతే 36,225. కౌంటర్‌లో పిల్లవాడు "రూపాయే మేడమ్" అన్నది అబద్ధం కాదు, ఆ తర్వాతి వాక్యం చెప్పలేదంతే.

అందుకని నోటి మాట వదిలేసి, కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితం అడగండి. దానిలో అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో ఒకే అంకెగా ఉంటుంది. అప్రైజర్ ఫీజు, ప్రాసెసింగ్ ఛార్జీ అన్నీ అందులో కలవాలి. నిబంధనలు తెలుగులో అడిగితే తెలుగులో ఇవ్వాలి. చదువు రానివాళ్ళకు, ఆ సంస్థ ఉద్యోగి కాని సాక్షి ఎదుట షరతులు చదివి వినిపించాలి. ఆలస్యమైతే పడే జరిమానాను వడ్డీలో కలిపి దానిమీద మళ్ళీ వడ్డీ వేయడం 2024 నుంచి కుదరదు.

పంట కోసం తీసుకుంటే వడ్డీ తక్కువంటారు, నిజమేనా?

బ్యాంకుల్లో నిజమే. పట్టాదారు పాసుపుస్తకం చూపించి వ్యవసాయ అప్పుగా రాయిస్తే వడ్డీ తగ్గుతుంది. పైన చెప్పిన శాతాల పరిమితి ఇంటి అవసరాల అప్పులది, రాబడి కోసం తీసుకునే అప్పుకు బ్యాంకు తన లెక్క తాను వేసుకుంటుంది. పొలం లేకుండా పక్కింటి పాసుపుస్తకంతో పంట అప్పు రాయించే పని మాత్రం పెట్టుకోకండి. తీర్చలేని రోజున ఇద్దరూ ఇరుక్కుంటారు.

ఏడాది కాగానే వడ్డీ కట్టి తిరగరాయించుకుంటే నగ భద్రమే కదా?

చివర ఒకేసారి కట్టే ఇంటి అప్పు 12 నెలలకు మించి ఉండదు. తిరగరాయించుకోవచ్చు, కానీ అప్పటిదాకా అయిన వడ్డీ ముందు కట్టాలి, మీరే కోరి రాసివ్వాలి, అప్పు బకాయిలోకి పోయి ఉండకూడదు. అక్క 41,400 కడితే 3,45,000కు ఇంకో ఏడాది దొరుకుతుంది.

నేను భయపడేది ఇంకో అలవాటు గురించి. బంగారం ధర పెరిగింది కాబట్టి అదే నగ మీద ఇంకొంచెం అప్పు వస్తుంది. ఆ కొత్త డబ్బుతోనే పాత వడ్డీ కట్టేస్తారు. జేబులోంచి రూపాయి పోలేదు కాబట్టి హాయిగా ఉంటుంది. జమ్మలమడుగు వైపు ఒక పెద్దాయన లక్షా పదివేలకు పెట్టిన హారం మీద ఆరేళ్ళలో అప్పు రెండున్నర లక్షలు దాటింది. ఆయన ఒక్కసారి కూడా చేతి డబ్బు కట్టలేదు. "నగ అక్కడే ఉంది కదప్పా" అనేవాడు. ధర ఆగిన ఏడాది ఆ దారి మూసుకుపోయింది.

బంగారం ధర పడిపోతే నాకేమవుతుంది? నేను తీసుకున్నది తీసుకున్నాను కదా.

అప్పు ఉన్నన్నాళ్ళూ ఆ శాతం లోపలే ఉండాలనేది నిబంధన. అక్క పదో నెలలో ఉంది, ఒక్క పైసా కట్టలేదు అనుకోండి. వడ్డీతో కలిపి బాకీ 3,79,500. ఇంతలో గ్రాము ధర 10,000 నుంచి 8,500కు పడింది. నగల విలువ 4,10,550కి దిగింది. అంటే అప్పు విలువలో 92 శాతానికి చేరింది. అప్పుడు ఫోను వస్తుంది, కొంత కట్టండి లేదా ఇంకో నగ పెట్టండి అని. మళ్ళీ 80 శాతానికి తేవాలంటే ఆమె 51,000 దాకా కట్టాలి, అది కూడా గడువుకు రెండు నెలల ముందే.

ధర అంత పడుతుందా అని నవ్వేవాళ్ళకు 2013 ఏప్రిల్ గుర్తుచేస్తాను. అప్పుడు ప్రపంచ మార్కెట్‌లో బంగారం రెండే పనిదినాల్లో పదిశాతానికి పైగా కూలింది. ప్రొద్దుటూరు బజారులో ఆ సోమవారం ఎవరి ముఖంలోనూ నెత్తురు చుక్క లేదు.

నెలనెలా 3,450 వడ్డీ కట్టుకుంటూ వచ్చి ఉంటే ఈ పోటు చాలా తగ్గేది. ఒకేసారి కట్టే పద్ధతి పంట మీద బతికేవాళ్ళకు వీలుగా ఉంటుంది, కాదనను. పాలు అమ్మితే వచ్చే డబ్బులోంచైనా నెలకింత కట్టగలిగితే కట్టండి. ముందుగా కడితే తీసుకోరేమో అనుకుంటారు, తీసుకుంటారు.

వేలం ఎట్లా జరుగుతుంది? నాకు చెప్పకుండా వేసేయొచ్చా?

వేయకూడదు. ముందు మీకు నోటీసు ఇచ్చి, తీర్చుకోవడానికి తగిన గడువు ఇవ్వాలి. తర్వాత రెండు పత్రికల్లో ప్రకటన వేయాలి, అందులో ఒకటి తెలుగుది. మొదటి వేలం శాఖ ఉన్న జిల్లాలోనే జరగాలి. కనీస ధర ఆనాటి విలువలో 90 శాతానికి తగ్గకూడదు. రెండుసార్లు ఎవరూ కొనకపోతే అప్పుడు 85 దాకా దించవచ్చు. అప్పు, ఖర్చులు పోగా మిగిలినది వేలం డబ్బు పూర్తిగా అందిన 7 పనిదినాల్లో మీకు తిరిగివ్వాలి.

అక్క లెక్కనే చివరిదాకా తీసుకుపోతాను. ఆమె ఏడాది దాటి ఇంకో మూడు నెలలు కట్టలేదు. బాకీ 3,86,400కు మూడు నెలల వడ్డీ 10,350, నోటీసుల ఖర్చు 4,000 అనుకుందాం, కలిపితే 4,00,750. ధర ఇంకా 10,000 దగ్గరే ఉంది. కనీస ధర 4,34,700, పాట 4,40,000కు ముగిసింది. ఆమెకు తిరిగొచ్చేది 39,250.

చాలామంది ఇక్కడ "పోనీలే, మిగిలింది ఇచ్చారు కదా" అని ఆగిపోతారు. అదే బంగారంతో అట్లాంటి నగలు మళ్ళీ చేయించాలంటే ఎంతవుతుందో చూడండి. బంగారం 4,83,000, దానిమీద మజూరీ 12 శాతం వేసుకుని, మొత్తం మీద 3 శాతం జీఎస్టీ కలిపితే 5,57,000 దాటుతుంది. ఆమెకు అప్పుగా వచ్చింది, వేలంలో మిగిలింది కలిపితే 3,84,250.

తీర్చలేనని ముందే తెలిస్తే ఏం చేయాలి?

గడువుకు నెల ముందే ఒక నగ అమ్మి రెండోది కాపాడుకోవాలి. ఎవరూ ఇష్టపడని సలహా ఇది. అత్తగారి గాజులు అమ్మడమా అని అక్క కూడా కన్నీళ్ళు పెట్టుకుంటుంది. కానీ లెక్క చూడండి. గాజుల విలువ 2,18,000. కరిగింపు తరుగు 3 శాతం పోయినా 2,11,000 పైన వస్తుంది. ఏడాది బాకీ 3,86,400లో అది పోతే మిగిలేది 1,75,000 లోపు. నెక్లెస్ ఒక్కదాని విలువే 2,65,000 కాబట్టి దానిమీద ఆ మాత్రం కొత్త అప్పు సులువుగా పుడుతుంది. గాజులు పోయాయి, నెక్లెస్ ఉంది. వేలానికి వదిలేస్తే రెండూ పోయేవి.

అసలు చిక్కు ఎక్కడంటే గాజులూ నెక్లెస్ ఒకే సంచిలో, ఒకే ఖాతాలో ఉన్నాయి. మొత్తం బాకీ కడితే తప్ప సంచి విప్పరు. అందుకే నేను మొదటిరోజే చెప్పేది, నగకొక ఖాతా రాయించుకోండి అని. గాజులకు వేరే అప్పు ఉండి ఉంటే, ఏడాది చివర 1,74,000 సర్దుబాటు చేస్తే గాజులు బయటికొచ్చేవి, అమ్మి ఆ చేబదులు తీర్చేయొచ్చు, మిగిలినది నెక్లెస్ వడ్డీకి పోయేది. క్లర్కుకు రెండు ఫారాలు రాయడం విసుగు, "రెండూ కలిపి రాసేస్తాం" అంటాడు. వద్దని చెప్పండి. రెండుసార్లు ఛార్జీ పడ్డా దండగ కాదు. శాతం పరిమితికి మాత్రం మీ అప్పులన్నీ కలిపే చూస్తారు.

"తాకట్టు బంగారం విడిపించి కొంటాం" అని గోడల మీద రాసేవాళ్ళుంటారు కదా, వాళ్ళు ఈ సర్దుబాటే చేస్తారు, కానీ బాగా కోస్తారు. వాళ్ళ దగ్గరికి పోయేముందు బజారులో రెండు కొట్లలో రేటు అడిగి పోండి. విడిపించేటప్పుడు నగ మీ చేతికి రావాలి, వాళ్ళ చేతికి కాదు.

నోటీసు నాకు అందలేదంటే వేలం చెల్లదా?

ఇది నాకు చేదు జ్ఞాపకం. మా చిన్నక్క కువైట్‌లో ఇంటిపనికి పోయేముందు ఒక ఫైనాన్స్ కంపెనీలో హారం పెట్టింది. అప్పుడు ప్రొద్దుటూరులో అద్దె ఇంట్లో ఉండేది, ఆ చిరునామానే ఇచ్చింది. ఇక్కడి సిమ్ రీఛార్జ్ లేక ఆగిపోయింది. రిజిస్టర్ ఉత్తరాలు రెండు పోయి "ఇంట్లో లేరు" అని తిరిగొచ్చాయి. పత్రికలో ప్రకటన ఒక పేజీ నిండా నంబర్లతో వచ్చింది, పేరు చూసేవాళ్ళెవరు? ఆమె రెండేళ్ళకు తిరిగొచ్చి రసీదు పట్టుకుని పోతే హారం ఎప్పుడో పోయిందన్నారు. మిగిలిన కొద్ది డబ్బు ఆమె వాడని ఖాతాలో పడి ఉంది. నేను పది అడుగుల దూరంలో ఉన్న బ్యాంకులో రోజూ ఊరందరి నగలు తూస్తూ ఉన్నాను, నాకు ఒక్క ముక్క చెప్పలేదు ఆమె. కుదవ పెట్టానంటే తమ్ముడు ఏమనుకుంటాడో అని.

గొడవపడ్డాం, కాగితాలు అడిగాం. ఆమె ఇచ్చిన చిరునామాకే ఉత్తరం పంపామన్నారు. కాగితం మీద తప్పు పట్టడానికి చోటు దొరకలేదు. కువైట్‌కు, బెంగళూరుకు పోయే మన జిల్లావాళ్ళ నగలు ఎక్కువగా పోయేది ఇట్లాగే, డబ్బు లేక కాదు, కబురు అందక. పోయేముందు శాఖకు వెళ్ళి ఇంట్లో ఉండే మనిషి ఫోను నంబరు రెండోదిగా రాయించండి. చిరునామా మారితే రాసిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. గడువు తేదీ ఇంట్లో ఇంకొకరికి తెలిసి ఉండాలి.

నోటీసే పంపకుండా, ప్రకటనే లేకుండా వేలం వేస్తే మాత్రం అది తప్పే. ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో పెట్టవచ్చు, ఖర్చు లేదు. వివరాలకు 14448 నంబరుకు ఫోన్ చేయొచ్చు.

ఇవన్నీ బజారులో సేటు దగ్గర పెట్టినా వర్తిస్తాయా?

వర్తించవు. పైన చెప్పిన రిజర్వ్ బ్యాంకు నిబంధనలు బ్యాంకులకు, ఫైనాన్స్ కంపెనీలకు. తాకట్టు కొట్లది వేరే చట్టం, వేరే లైసెన్సు. సేటు దగ్గర పది నిమిషాల్లో పనవుతుంది, కాగితాలు అడగడు, రాత్రి ఎనిమిదికీ ఇస్తాడు, ఆస్పత్రి అవసరానికి అదే గొప్ప. కానీ రెండు రూపాయల వడ్డీ అంటే 3,45,000కు నెలకు 6,900, ఏడాదికి 82,800. అక్కడ పెట్టాల్సొస్తే లైసెన్సు ఉన్న కొట్టులోనే పెట్టండి, చీటీ మీద నికర బరువు, నగ పేరు రాయించండి. "గొలుసు ఒకటి" అని మాత్రమే రాసిన చీటీతో పోట్లాడడం కష్టం. అత్యవసరం తీరిన వారంలోనే అక్కడి నుంచి విడిపించి బ్యాంకుకు మార్చండి.

డబ్బంతా కట్టేశాను. నగ రేపు రమ్మంటున్నారు, ఎల్లుండి రమ్మంటున్నారు.

కట్టినరోజే ఇవ్వాలి, ఎంత ఆలస్యమైనా 7 పనిదినాలు మించకూడదు. వాళ్ళ కారణంగా అంతకు మించితే రోజుకు 5,000 చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. ఈ మాట మెల్లగా ఒకసారి అనండి, తాళం చెవి త్వరగా దొరుకుతుంది.

సంచి సీలు మీ ఎదుటే విప్పించండి. నగ పెట్టినరోజు ఇచ్చిన పత్రం పక్కన పెట్టుకుని అక్కడే తూయించండి, రాళ్ళు లెక్కపెట్టండి. సంతకం పెట్టి గడప దాటాక ఒక రాయి లేదంటే ఎవరూ నమ్మరు. వాళ్ళ దగ్గర ఉన్నప్పుడు నగ దెబ్బతింటే బాగుచేయించే ఖర్చు వాళ్ళదే, పోతే పరిహారం వాళ్ళే ఇవ్వాలి.

పెట్టిన మనిషి చనిపోతే?

నగ పోదు, అప్పూ పోదు. వారసులు మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం చూపించి బాకీ తీర్చి విడిపించుకోవచ్చు. ఆలస్యం చేయకుండా శాఖకు తెలియజేయాలి, వడ్డీ నడుస్తూనే ఉంటుంది. మా దగ్గరికి ఒకసారి ఒక కొడుకు వచ్చాడు, తల్లి పెట్టె సర్దుతుంటే బియ్యం డబ్బా అడుగున మా శాఖ రసీదు దొరికిందని. గడువుకు ఇంకా పదకొండు రోజులుంది. ఆమె పెట్టింది తన పుస్తెల గొలుసు, ఆ కొడుకు ఇంజినీరింగ్ మూడో ఏడాది ఫీజు కోసం.